ఒకే ‘సెలామత్’

హజ్ యాత్ర ముగించుకొని వచ్చినవారు ఇండోనేషియా యాత్రికులను గురించి తప్పక చెబుతారు. వారి బస గుమ్మాలపై ‘సెలామత్ దాతాంగ్’ అన్న పలకరింపు కనిపిస్తుంది. ‘స్వాగతం’ అని దాని భావం. రెండవ మాట వారి సొంతం. దానికి ‘రావడం’ అని అర్థం. మొదటిది మాత్రం మనకు కొత్త కాదు. ఇంటి నుండి దూరంగా ఉన్న బిడ్డ కోసం మన పెద్దలు ‘సహీ సలామత్‌గా ఉండాలి’ అని దుఆ చేస్తారే, ఆ సలామతే ఇది. అరబీలోని ‘సలామ’, అంటే ఏ హానీ తగలకుండా క్షేమంగా ఉండటం, ఇక్కడ ఉర్దూలోకీ అక్కడ ఇండోనేషియా భాషలోకీ చేరింది. సలామ్, ఇస్లామ్, ముస్లిమ్ అన్న మాటలన్నిటికీ మూలమైన సీన్-లామ్-మీమ్ అనే మూడక్షరాల ధాతువే దీనికీ మూలం.

ఇండోనేషియా వారు ఉదయం ఎదురుపడితే ‘సెలామత్ పగి’ అంటారు, రాత్రయితే ‘సెలామత్ మాలమ్’ అంటారు. పుట్టినరోజుకు ‘సెలామత్ ఉలాంగ్ తాహున్’, పండుగకు ‘సెలామత్ ఈదుల్ ఫిత్రి’, ప్రయాణమయ్యే వారికి ‘సెలామత్ జాలన్’. ఉదయానికీ పుట్టినరోజుకూ ప్రయాణానికీ ఒకే మాట ఎలా సరిపోయింది?

చాలామంది సెలామత్‌ను ‘శుభం’ అని అనువదించుకొని ఇక్కడే తికమకపడతారు. మనం ‘శుభోదయం’ అన్నప్పుడు శుభమన్న గుణాన్ని ఉదయానికి తగిలిస్తాము. వారి భాషలో గుణవాచకం నామవాచకం తరువాత వస్తుంది. మంచి ఉదయం అనాలంటే ‘పగి’ ముందు రావాలి. కాని సెలామత్ ముందే నిలుస్తుంది. అది ఉదయాన్ని వర్ణించే మాట కాదు, ఎదుటి మనిషి కోసం చేసే ఆకాంక్ష. ‘మీరు క్షేమంగా ఉండాలి’ అన్నది సెలామత్ చెబుతుంది. ఎప్పుడు, ఏ పనిలో అన్నది రెండవ మాట చెబుతుంది. పుట్టినరోజు పలకరింపులో ‘ఉలాంగ్’ అంటే మళ్ళీ రావడం, ‘తాహున్’ అంటే సంవత్సరం. ఏడాది చుట్టి మళ్ళీ ఆ రోజుకు చేరిన మనిషికి క్షేమం కోరడమన్న మాట.

వీడ్కోలు దగ్గర ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. జావాలోని ఒక రైల్వే స్టేషన్‌ను ఊహించండి. కొడుకు ఉద్యోగానికి జకార్తా వెళుతున్నాడు; తల్లి ప్లాట్‌ఫారమ్ మీద నిలబడింది. తల్లి ‘సెలామత్ జాలన్’ అంటుంది. జాలన్ అంటే దారి, నడక. కొడుకు అదే మాట తిరిగి అనకూడదు, ఎందుకంటే తల్లి ఎక్కడికీ వెళ్ళడం లేదు. అతడు అనవలసింది ‘సెలామత్ తింగల్’. తింగల్ అంటే ఉండిపోవడం. వెళ్ళేవారికి దారిలో క్షేమం, ఉండేవారికి ఉన్నచోట క్షేమం. భాష నేర్చుకునే విదేశీయులు రైలెక్కుతూ, నిలబడి ఉన్నవారికి ‘సెలామత్ జాలన్’ చెప్పి నవ్వులపాలవుతుంటారు. అయితే ‘సెలామత్ తింగల్’లో మళ్ళీ కలుస్తామో లేదో అన్న బరువు కొంత ఉంటుంది. అందుకే త్వరలో తిరిగి వచ్చేవారు ‘సంపై జుంప’, అంటే కలుసుకునేదాకా, అని వెళతారు. మరణించినవారికి కడసారి చెప్పే మాటా ‘సెలామత్ జాలనే’.

ఇంతగా వాడితే మాట అరిగిపోయి ఉత్త మర్యాదగా మిగలదా అనిపించవచ్చు. నిజమే, యువకులు ఫోన్ సందేశాల్లో దానిని ‘మెత్’ అని కుదించేశారు. కాని పడవ మునిగిందనో కొండచరియ విరిగిందనో వార్త వచ్చినప్పుడు జనం వెదికేది ఈ మాట కోసమే. ‘సెలామత్’ అని ఉంటే ఆ మనిషి ప్రాణాలతో బయటపడ్డట్టు. రక్షించడాన్ని ‘మెన్యెలామత్‌కన్’ అంటారు. ప్రొద్దున పలకరింపులో వినిపించే మాటా, సహాయక సిబ్బంది ఇంటివారికి చెప్పే మాటా ఒకటే కనుక దాని అసలు అర్థం మరుగున పడలేదు.

ఈ మాటకు హద్దులూ ఉన్నాయి. జబ్బుపడినవారికి సెలామత్ చెప్పరు. త్వరగా కోలుకోవాలని ‘సెమోగ లెకస్ సెంబుహ్’ అంటారు. చావు ఇంట్లో ఉన్నవారికైతే దుఃఖంలో పాలుపంచుకుంటున్నామని చెబుతారు. అక్కడ ఒంటరిగా ‘సెలామత్’ అంటే పెద్ద పొరపాటే, ఎందుకంటే వెనుక మరో మాట లేకుండా వాడితే అది ‘అభినందనలు’ అవుతుంది!

జావా ప్రజల నోట ఈ మాట ‘స్లమెత్’ అయింది. మగపిల్లలకు ఆ పేరు పెట్టుకోవడం అక్కడ సర్వసాధారణం. మధ్య జావాలో 3,428 మీటర్ల ఎత్తున్న ఒక పర్వతానికీ అదే పేరు ఉంది. అది చల్లారిన కొండ కాదు, నేటికీ సజీవంగా ఉన్న అగ్నిపర్వతం. దాని వాలులో కూరగాయలు పండించుకునే రైతులు రోజూ ఆ పేరే పలుకుతూ పొలానికి వెళతారు.