రిపోర్టు నార్మలే... మరి బామ్మకు ఈ మత్తెందుకు?

ఆమెకు 82 ఏళ్లు. బరువు 42 కిలోలు. ఎన్నో ఏళ్లుగా షుగరు ఉంది. అరికాళ్ల మంటలకు ప్రెగాబలిన్ మాత్ర మొదలుపెట్టారు. తగ్గలేదంటే మోతాదు పెంచి పొద్దున 150, రాత్రి 150 మిల్లీగ్రాములు చేశారు. కొద్దిరోజుల్లోనే ఆ బామ్మ పగలంతా జోగడం మొదలుపెట్టింది. మాట ముద్దగా వస్తోంది. నాలుగడుగులు వేయాలంటే గోడ పట్టుకోవాలి. 'వయసు మీద పడింది కదా' అనుకున్నారు ఇంట్లోవాళ్లు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.0 వచ్చింది. ల్యాబువాళ్లు ఇచ్చే హద్దుల్లోనే ఉంది కాబట్టి కిడ్నీల మీద ఎవరికీ అనుమానం రాలేదు.

చిక్కంతా ఆ 1.0 దగ్గరే ఉంది. క్రియాటినిన్ కండరాల్లో తయారయ్యే వ్యర్థం. దాన్ని కిడ్నీలు వడకట్టి మూత్రంలోకి పంపేస్తాయి. వయసు పైబడేకొద్దీ కిడ్నీల వడపోత తగ్గుతుంది, కండ కూడా కరిగిపోతుంది. అంటే బయటికి పోయేది తగ్గినా తయారయ్యేదీ తగ్గుతుంది. రెండూ కలిసి రిపోర్టులో అంకె మామూలుగానే కనిపిస్తుంది. కండలు తిరిగిన పాతికేళ్ల మనవడికీ 1.0 రావచ్చు, ఎముకల గూడులాంటి బామ్మకూ 1.0 రావచ్చు. ఆ రెండూ ఒకటి కావు.

అందుకే లెక్కలోకి వయసును తీసుకొస్తారు. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు కెనడా వైద్యులు ఒక సూత్రం ప్రచురించారు. మందుల మోతాదులకు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు.

(140 − వయసు) × బరువు ÷ (72 × క్రియాటినిన్)

ఆడవారికైతే వచ్చినదాన్ని 0.85తో హెచ్చించాలి. మనవడి బరువు 70 కిలోలైతే 115ను 70తో హెచ్చించి 72తో భాగిస్తే దాదాపు 112 వస్తుంది. బామ్మకు 140లోంచి 82 తీస్తే 58. దాన్ని 42తో హెచ్చించి, 72తో భాగించి, 0.85తో హెచ్చిస్తే 29 దగ్గర ఆగుతుంది. నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్ల రక్తం శుభ్రమవుతోందని దాని అర్థం. ఒకే క్రియాటినిన్... వడపోత మాత్రం నాలుగో వంతు!

ప్రెగాబలిన్‌ను కాలేయం పెద్దగా ముట్టుకోదు. అది దాదాపు మొత్తం ఉన్నది ఉన్నట్టుగా మూత్రంలోనే పోవాలి. వడపోత సన్నగిలితే నిన్నటి మాత్ర పూర్తిగా పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. ఆ మందుకున్న నియమం ప్రకారం వడపోత 30కీ 60కీ మధ్య ఉంటే రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 30 కంటే తక్కువైతే 150 దాటకూడదు. బామ్మ వేసుకుంటున్నది సరిగ్గా రెట్టింపు!

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఈమధ్య చాలా ల్యాబులు రిపోర్టులోనే ఈజీఎఫ్ఆర్ అని వేస్తున్నాయి. 2021లో వచ్చిన కొత్త సూత్రంతో అదే బామ్మకు లెక్కకడితే 56 వస్తుంది. అది చూస్తే 300 సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఆ సూత్రంలో వయసు ఉంది, బరువు లేదు. అందరినీ ఒకే సగటు ఒడ్డూపొడుగు మనుషులుగా భావించి లెక్క చెబుతుంది. 42 కిలోల చిన్న మనిషి విషయంలో అది ఎక్కువ చూపిస్తుంది. పాతదీ అంచనాయే! అది పుట్టింది 249 మంది రోగుల లెక్కల నుంచి, వాళ్లలో దాదాపు అందరూ మగవారే. అసలు విలువ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉండొచ్చు. బామ్మ మత్తుగా జోగుతున్నప్పుడు మాత్రం తక్కువ అంకెను నమ్మడమే క్షేమం. మోతాదు తగ్గించాక ఆమె మళ్లీ తేరుకుంది.

అలాగని ఇంట్లోవాళ్లే మాత్ర సగానికి విరిచేయకూడదు. ప్రెగాబలిన్ ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టకపోవడం, వాంతులు, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గించాలి. పైగా అన్ని మందులకూ తగ్గింపు అక్కర్లేదు, కాలేయం తేల్చేసే మందులకు ఈ లెక్కతో పని తక్కువ. గుండెకు వాడే డిగాక్సిన్, నరాలకు వాడే గాబాపెంటిన్ వంటివి మాత్రం ప్రెగాబలిన్ దారిలోవే. కొన్ని యాంటిబయాటిక్స్‌కు మొదటి డోసు పూర్తిగా ఇచ్చి, తర్వాతి డోసుల మధ్య ఎడం పెంచుతారు.

చాలా చీటీల్లో వయసు ఉంటుంది గానీ బరువు ఉండదు. పెద్దవాళ్లను చూపించడానికి వెళ్లేటప్పుడు ఆ వారం తూచిన బరువూ, తాజా క్రియాటినిన్ రిపోర్టూ వెంట ఉంటే ఈ లెక్క రెండు నిమిషాల పని. విరేచనాలో, జ్వరమో వచ్చి నీరసించినప్పుడు మాత్రం పాత రిపోర్టుతో లెక్కకట్టి లాభం లేదు. కిడ్నీ దెబ్బతిన్న రోజే క్రియాటినిన్ పెరగదు, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పెరుగుతుంది. ఆ రోజుల్లో ఏ మాత్రలు ఆపాలో, ఏవి తగ్గించాలో ముందే డాక్టరును అడిగి చీటీ వెనక రాయించుకోవచ్చు.