నీలాంటి బొమ్మ ఏది?

మా అక్క మనవరాలికి ఐదేళ్లు. మొన్న బొమ్మలకు రంగులేస్తూ "చిన్నమ్మమ్మా, ఆ స్కిన్ కలర్ ఇటియ్యి" అంది. పెట్టెలో ఆ పేరుతో రంగేమీ లేదు. అది అడిగింది లేత గులాబీ. పిల్ల చూస్తే చక్కటి చామనచాయ! అమెరికాలో క్రేయోలా కంపెనీ అచ్చంగా ఇలాంటి రంగునే 'ఫ్లెష్' అని, అంటే ఒంటి రంగని అమ్మేది. 1962లో పేరు 'పీచ్' అని మార్చింది. మన ఇళ్లలో మాత్రం ఆ మాట ఇంకా నడుస్తూనే ఉంది.

చిన్నపిల్లలకు రంగు గొడవ ఏం తెలుస్తుంది అంటారు చాలామంది. తెలుస్తుందని 1940ల్లోనే చూపించిన దంపతులున్నారు. కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తలు. వాళ్లు నాలుగు బొమ్మలు తీసుకున్నారు. అన్నీ ఒకే మూసలోవి. రెండు తెల్లవి, పసుపు జుట్టుతో. రెండు గోధుమరంగువి, నల్లజుట్టుతో. మూడు నుంచి ఏడేళ్ల లోపు నల్లజాతి పిల్లలు 253 మందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడిగారు. ఆడుకోవడానికి నీకిష్టమైన బొమ్మ ఇవ్వు. మంచి బొమ్మ ఏది? చెడ్డగా కనిపించేది ఏది? ఇలా అడుగుతూ వెళ్లి, అన్నిటికంటే చివర 'నీలా ఉన్న బొమ్మ ఏది' అన్నారు.

ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఆడుకోవడానికి తెల్లబొమ్మనే అందుకున్నారు. సగం మందికి పైగా చెడ్డది అంటూ గోధుమరంగు బొమ్మను చూపించారు. కాసేపటికి ఆ బొమ్మే తనలా ఉందని ఒప్పుకోవాలి కదా! కొందరు ఏడ్చేశారు, కొందరు గదిలోంచి బయటికి పరుగెత్తారు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో వర్ణవివక్ష చెల్లదన్నప్పుడు, తీర్పు అడుగున ఇచ్చిన వివరణలో కెనెత్ క్లార్క్ రాసిన పత్రాన్నీ ప్రస్తావించింది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇంకో సంగతి. ఆ చివరి ప్రశ్నను చివరే ఎందుకు ఉంచారు? ముందుగా అడిగి చూస్తే, 'ఇది నేనే' అన్న పిల్లలు ఆ తర్వాత ఆ బొమ్మ వైపే మొగ్గేవారట. నా బొమ్మ అన్నాక దాన్ని కాదంటారా మరి! పరిశోధకులకు అది లెక్క చెడగొట్టే ఇబ్బంది. ఇంట్లో పిల్లల్ని పెంచేవాళ్లకు మాత్రం అందులోనే దారి దొరుకుతుంది. తనలాంటి బొమ్మ చేతిలో ఉండి, అది తనదనిపిస్తే, పిల్ల దాని పక్షమే నిలబడుతుంది.

ఈ పరీక్షతో అన్నీ తేలిపోయాయని అనలేం. ఆ రోజుల్లో దుకాణాల్లో ఎక్కువగా ఉండేవి తెల్లబొమ్మలే. అలవాటైనదాన్ని పిల్లలు కోరుకున్నారేమో, అంతమాత్రాన తమని తాము తక్కువనుకున్నట్టా అని అడిగినవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. అందుకేనేమో, క్లార్క్ దంపతులు రంగులేసే పరీక్ష కూడా పెట్టారు. ముందు ఆకు, యాపిల్ లాంటివి ఇచ్చి, పిల్లకు రంగులు సరిగ్గా తెలుసో లేదో చూసుకునేవారు. తర్వాత పిల్ల బొమ్మకు నీ రంగు వెయ్యమనేవారు. ఎక్కువమంది గోధుమో నలుపో సరిగ్గానే వేశారు. కానీ 'నీకు నచ్చే రంగు వెయ్యి' అనేసరికి అదే రంగు వేసినవాళ్లు సగానికి తగ్గిపోయారు. తన రంగేదో పిల్లకు తెలుసు. దానికి లోకంలో ఏ విలువ కట్టారో కూడా తెలిసిపోయింది, అదీ బాధ.

మన దగ్గర ఆ విలువ కట్టేవాటిలో బొమ్మల పుస్తకాలూ ఉన్నాయి. నల్లనయ్య అని మనమే పిలుచుకునే కృష్ణుడు పేజీ తిప్పితే నీలంగా ఉంటాడు. పక్కన యశోద గులాబీ బుగ్గలతో. నలుపంటూ దొరికేది పూతనకో, బకాసురుడికో! 'నలుపు నారాయణుడు మెచ్చు' అని పెద్దవాళ్లు ముద్దు చేస్తారు గానీ, చదవడం రాని పిల్ల ఆ సామెతను వినదు, బొమ్మను చూస్తుంది.

అందుకని పుస్తకం కొనేటప్పుడు మాటలు పక్కనపెట్టి బొమ్మలు మాత్రమే చూడండి. నల్లగా ఉన్న పిల్ల ఎక్కడుంది? గుంపులో వెనక వరసలోనా, ఎవరో సాయం చేస్తే బాగుపడిన కథలోనా, లేక గాలిపటం ఎగరేసి, తప్పిపోయిన కుక్కపిల్లను వెతికి, మధ్యలో తన్నులాడుకునే పిల్లలానా? నేనైతే ఈ మూడోదే కొంటాను. 'నలుపూ అందమే' అని పాఠం చెప్పే పుస్తకాలు నాకంతగా నచ్చవు. నలుపు గురించి ఓదార్పు చెబుతున్నారంటే, ఓదార్చాల్సినదేదో ఉందని పిల్లకు అర్థమైపోతుంది. ఇక బొమ్మలంటారా, తెల్లబొమ్మకు గోధుమరంగు పూసి జుట్టు బంగారు రంగులోనే వదిలేసినవి ఉంటాయి. వాటి ముందు పిల్ల 'ఇది నేనే' అనదు. నల్లటి జడ వేసుకునే వీలున్న బొమ్మ దొరికితే తీసుకోండి. పేరు మాత్రం మీరు పెట్టకండి, పిల్లనే పెట్టమనండి.