బడిసంచికి కంపెనీ పేరు కాదు, కాటా ముఖ్యం

జూన్ నెలలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అంగళ్ల ముందు బడిసంచులు తోరణాల్లా వేలాడుతుంటాయి. తల్లిదండ్రులు “ఏ కంపెనీది?” అని అడుగుతారు. పిల్లలు “ఏ బొమ్మ ఉంది?” అని అడుగుతారు. ఖాళీ సంచి ఎంత బరువుందని అడిగేవారు నాకు ఇంతవరకు కనబడలేదు. మొదట అడగవలసింది అదేనని నా వాదన.

ఇటీవల ప్రొద్దుటూరులో ఒక తండ్రి, మూడో తరగతి చదివే కొడుక్కి పెద్ద సంచి ఎంచి, “కంపెనీది సార్, ఐదేండ్లకు చూసుకోబళ్లే” అన్నాడు. నా కోరికపై అంగడివాడు దానిని కాటా మీద పెట్టాడు. 850 గ్రాములు. బాలుడి బరువు 22 కిలోలు.

సంచి మొత్తం బరువు పిల్లవాడి బరువులో పదో వంతు దాటరాదని కేంద్ర ప్రభుత్వ 2020 బడిసంచి విధానం చెబుతున్నది. అంటే ఈ బాలుడికి హద్దు 2.2 కిలోలు. అందులో సంచికి 850 గ్రాములు పోయాయి. అరలీటరు నీళ్లతో సీసా సుమారు 650, అన్నంతో డబ్బా 400 గ్రాములు. పుస్తకాలకు మిగిలింది 300 గ్రాములే. అదే 450 గ్రాముల సంచి అయితే 700 గ్రాములు మిగిలేవి. నీళ్లు తగ్గించుకోమందామా? కడప ఎండలో ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు. తగ్గించదగినది సంచి బరువే.

“ఐదేండ్లకు” అని పెద్దది కొనడం కూడా పొరపాటే. సంచి పిల్లవాడి వీపు కంటె వెడల్పుగా ఉండరాదు. నడుము దాటి బెత్తెడు కంటె కిందికి వేలాడరాదు. కిందికి జారిన సంచి వెనక్కి లాగుతుంది. పడిపోకుండా పిల్లవాడు మెడ చాచి ముందుకు వంగి నడుస్తాడు. దీనివల్ల గూని వస్తుందని భయపెట్టేవారున్నారు. వెన్నెముక శాశ్వతంగా వంగిపోతుందనడానికి గట్టి ఆధారం లేదు. కాని భుజం నొప్పి, మెడ నొప్పి, పట్టీల ఒరిపిడి మచ్చలు నిజం. అరుదుగా భుజం మీది నరాలు నొక్కుకుపోయి చేయి తిమ్మిరెక్కుతుంది. ఇవి చాలవా?

ఇక మెత్త సంగతి. “ఆర్థో” అని ముద్రించిన సంచులకు అధిక ధర పెడుతున్నారు. ఆ మాట ముద్రించడానికి ఏ వైద్యుడి అనుమతీ అక్కరలేదు. భుజపట్టీని బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. లోపలి పొర అట్టలా అణిగి, వేలికి అవతలి వేలు తగిలితే అది వట్టి స్పాంజి. కొద్ది నెలల్లో చదునైపోతుంది. గట్టి ఫోము వెంటనే పైకి లేస్తుంది. పట్టీ సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పుంటే బరువు సన్నని గీత మీద పడక భుజమంతా పరచుకుంటుంది.

జిప్పు పాడయ్యేది ఎక్కువగా మూల మలుపులో. అంగట్లోనే సంచిని కాగితాలతో నింపించి, ఒక చేత్తో రన్నరును ఆ చివరి నుంచి ఈ చివరికి పదిసార్లు లాగండి. మలుపులో పట్టుకుంటే, లేదా రన్నరు దాటిన తర్వాత పళ్లు వెనుక విచ్చుకుంటే కొనకండి. చాలా రన్నర్ల వెనుక 5, 8 వంటి అంకె ఉంటుంది. అది దాదాపుగా మూసిన పళ్ల వెడల్పు, మిల్లీమీటర్లలో. పుస్తకాల ప్రధాన అరకు 8 మేలు, చిన్న అరకు 5 చాలు.

కుట్టును బయటి నుంచి చూసి నిర్ణయించరాదు. సంచిని లోపలికి తిప్పి, భుజపట్టీ పైకొన చూడండి. అది అతుకు లోపలికి దూరి, మీద చతురస్రంగానూ నడుమ అడ్డగీతలుగానూ కుట్టి ఉండాలి. ఒంటి వరుస కుట్టు తెగుతుంది. గుడ్డ అంచులకు పట్టీ కట్టకుండా దారాలు వేలాడుతుంటే అతుకు విడిపోతుంది. అడుగున రెండు పొరల గుడ్డ ఉండాలి. మన బడి వరండాల కడప బండల మీద పిల్లలు సంచిని ఈడ్చడం మానరు.

కంపెనీ పేరుకు విలువే లేదని నేననను. హామీ చీటీ ఇచ్చేవారి దగ్గర జిప్పు పోతే మార్పించుకోవచ్చు. ఆ మేరకు లాభమే. కాని స్కైబ్యాగ్స్ అయినా, అమెరికన్ టూరిస్టర్ అయినా, వైల్డ్‌క్రాఫ్ట్ అయినా కళాశాల విద్యార్థికీ సంచులు చేస్తాయి. ల్యాప్‌టాప్ అర ఉన్న ఆ సంచిని మూడో తరగతి పిల్లవాడికి తగిలిస్తే తప్పు కంపెనీది కాదు, మనది.

ఆ తండ్రి చివరకు 480 గ్రాముల సంచి కొన్నాడు. దాని మీద పేరుమోసిన ముద్ర లేదు. కుట్టు తిప్పి చూశాడు, జిప్పు లాగి చూశాడు. మీరూ అంగడికి పోయినప్పుడు పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని, కాటా అడగండి. కాటా మీద పెట్టనివ్వని అంగడిని వదిలి, పక్క అంగడికి పొండి.