చిరునామా అమెరికాది, మనిషి కంచికచర్లలో

కంచికచర్లలో ఇంట్లో కూర్చుని సినిమా పెట్టినవాడికి ‘మీ దేశంలో ఈ సేవ లేదు’ అని తెర మీద వస్తే, ఆ సైటు వాడు మనిషిని కాదు, రిజిస్టరును చూశాడన్నమాట. మన ప్రాంతానికి ఐపీ చిరునామాలు పంచే ఏపీనిక్ దగ్గర పాతరకం చిరునామాల నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అప్పట్నుంచి చిన్న నెట్ కంపెనీలకు దొరికేది కొసరే. చాలనివాళ్లు బయట కొంటారు, లేదా అద్దెకు తెచ్చుకుంటారు. అమెరికా కంపెనీ దగ్గర 256 చిరునామాల బ్లాకు అద్దెకు తెచ్చి ఇక్కడ వాడారనుకోండి, అక్కడి రిజిస్టరు ఆరిన్ రికార్డులో యజమాని మారడు, `Country: US` అలాగే ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. అది పట్టాదారు పేరే గానీ, పొలంలో ఎవరున్నారో చెప్పే కాగితం కాదు. నిజం తేల్చడం పెద్ద విద్యేమీ కాదు. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది, కాబట్టి హైదరాబాద్ నుంచి పింగ్ కొడితే పది మిల్లీసెకన్లలో జవాబిచ్చిన యంత్రం అమెరికాలో ఉండే వీల్లేదు. అక్కడికి వెళ్లి రావడానికే వంద దాటుతుంది. (ఆలస్యమైతే మాత్రం దూరమని తేల్చకూడదు, రద్దీ కూడా కారణం కావచ్చు.) ఏ చిరునామా ఏ ఊళ్లో వాడుతున్నామో నెట్ కంపెనీలే ఒక ఫైలులో ప్రకటించే జియోఫీడ్ అనే పద్ధతి 2020కి ముందునుంచే ఉంది. ఆ చిన్న ఫైలు పెట్టని కంపెనీనీ, పెట్టినా చదవని సైటునూ వదిలేసి, చందా కట్టినవాడిని అనుమానించడం అన్యాయం.