రెండు చీటీలు, ఒకే అద్దం

కొద్ది నెలల క్రిందట మన కళాశాల విద్యార్థి ఒకడు తన అన్నగారిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. ఆ అన్నగారు బొంతపల్లిలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తారు. మాత్రల పట్టీల మీద అచ్చు వేసిన బ్యాచి నంబరును, గడువు తేదీని రోజంతా సరిచూడడమే ఆయన ఉద్యోగం. జేబులోనుండి రెండు కాగితాలు తీసి బల్ల మీద పరిచినారు. మొదటిది ఏడాది క్రిందట ఒక కంటి శిబిరంలో వ్రాసి ఇచ్చిన అద్దాల చీటీ. రెండవది ఇటీవల పట్నంలో మరొకచోట పరీక్ష చేయించుకొన్నప్పటిది.

“సార్, ఒక్క ఏడాదిలో నా కుడి కన్ను అర నుండి రెండుకు పోయింది. మా ఫ్యాక్టరీ గాలి వల్లనేనా? ఉద్యోగం మానుకోమంటారా?” అని అడిగినారు. ఆయన గొంతులోని భయం నటన కాదు. దానికి తోడు మరొక అనుమానం కూడ ఉన్నది. క్రొత్త చీటీతో చేయించిన అద్దం పెట్టుకొన్నా, పాతది పెట్టుకొన్నా ఆయనకు ఒకే విధంగా కనబడుతున్నది. కనుక దుకాణంవాడు పాత నంబరు అద్దమే అంటగట్టి డబ్బు తీసుకొన్నాడని ఆయన నమ్మకం.

కుడి కంటికి మొదటి చీటీలో ఇట్లా ఉన్నది: స్ఫియర్ −0.50, సిలిండర్ −1.50, యాక్సిస్ 180. రెండవ చీటీలో: స్ఫియర్ −2.00, సిలిండర్ +1.50, యాక్సిస్ 90. చూడగానే మూడు గడులలోని మూడు సంఖ్యలూ వేరు. ఒకచోట గుర్తు కూడ తారుమారైనది. అయినను ఈ రెండు చీటీలు చెప్పుచున్నది ఒకే అద్దాన్ని. ఆయన కన్ను చెడలేదు, దుకాణంవాడు మోసగించలేదు. రెండు చీటీలను అట్లే చేతికిచ్చి, వాటి మధ్య బంధుత్వమేమిటో ఒక్క మాటయినా చెప్పకపోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు. ఈ చిన్న వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

ముందుగా సిలిండర్ అనగా ఏమిటో చూతము. కంటి ముందుభాగాన ఉండే కార్నియా బంతి ముక్క వలె అన్ని దిశలలోను సమానంగా వంగి ఉంటే స్ఫియర్ అద్దం ఒక్కటే సరిపోతుంది. కొందరి కార్నియా చెంచా వీపు వలె ఒక దిశలో ఎక్కువగా, దానికి అడ్డదిశలో తక్కువగా వంగి ఉంటుంది. అట్టి కంటికి రెండు దిశలలో రెండు శక్తులు గల అద్దం కావాలి. సిలిండర్ అద్దం ఆ పని చేస్తుంది. నిలువునా చీల్చిన వెదురు ముక్కను తలచుకొనండి. పొడవు వెంబడి వేలు పోనిస్తే వంపు తగలదు. అడ్డంగా పోనిస్తే పూర్తి వంపు తగులుతుంది. సిలిండర్ అద్దం కూడ అంతే. యాక్సిస్ వెంబడి దానికి శక్తి లేదు, యాక్సిస్‌కు అడ్డంగా పూర్తి శక్తి ఉన్నది. 180 అనగా అడ్డగీత, 90 అనగా నిలువుగీత.

ఇప్పుడు మొదటి చీటీని చదువుదాము. యాక్సిస్ 180 గనుక అడ్డదిశలో సిలిండర్ పనిచేయదు. అక్కడ ఉన్నది స్ఫియర్ ఒక్కటే, అనగా −0.50. నిలువుదిశలో రెండూ కలుస్తాయి: −0.50, −1.50 కలిపి −2.00. ఇక రెండవ చీటీ. యాక్సిస్ 90 గనుక నిలువుదిశలో స్ఫియర్ ఒక్కటే: −2.00. అడ్డదిశలో −2.00కు +1.50 కలుపగా −0.50. రెండింటిలోను నిలువున −2.00, అడ్డంగా −0.50. అద్దంలో ఉన్నవి ఈ రెండు శక్తులే. చీటీ వ్రాసేవారు ఏ శక్తి వద్ద మొదలు పెట్టినారో అది స్ఫియర్ అయినది. అక్కడినుండి రెండవ శక్తికి చేరుటకు ఎంత నడవాలో అది సిలిండర్ అయినది. మన గడియారపు లెక్క కూడ ఇట్టిదే. “పావు తక్కువ పది” అన్నా, ఉర్దూలో “పౌనే దస్” అన్నా, “తొమ్మిదీ నలభై అయిదు” అన్నా రైలు ఒకే వేళకు కదులుతుంది. పదినుండి వెనుకకు లెక్కించినవానికి మైనస్ వచ్చినది, తొమ్మిదినుండి ముందుకు లెక్కించినవానికి ప్లస్ వచ్చినది.

ఒక వ్రాతను మరొక వ్రాతలోకి మార్చే పద్ధతికి ట్రాన్స్‌పోజిషన్ అని పేరు. స్ఫియర్‌ను, సిలిండర్‌ను గుర్తులతో సహా కూడితే క్రొత్త స్ఫియర్ వస్తుంది. సిలిండర్ సంఖ్యను అట్లే ఉంచి గుర్తు మార్చాలి. యాక్సిస్‌ను 90 డిగ్రీలు త్రిప్పాలి. అది 90 గాని అంతకు తక్కువ గాని అయితే 90 కలపాలి, ఎక్కువైతే 90 తీసివేయాలి. మూడు పనులూ చేసినప్పుడే అద్దం మారకుండ నిలుస్తుంది. సగం చేసినవారి వల్లనే ప్రమాదం.

స్ఫియర్‌ను మరచి −0.50, +1.50, 90 అని వ్రాసినారనుకొందాము. నిలువున −0.50, అడ్డంగా +1.00 అవుతుంది, అద్దమే వేరైపోయినది. దీనిని పట్టుకొనుట సులభం. స్ఫియర్‌కు సిలిండర్‌లో సగం కలిపి చూడవలెను. అసలు చీటీలో అది −1.25; ఈ తప్పు చీటీలో +0.25. సరియైన మార్పు అయితే ఈ మొత్తం కదలరాదు.

యాక్సిస్‌ను మరచినవారి తప్పు ఇంతకంటె గడుసుది. −2.00, +1.50, 180 అని వ్రాసినారనుకొందాము. సగం కలిపి చూస్తే −1.25 చక్కగా సరిపోతుంది, పరీక్ష పట్టుకోలేదు. కాని శక్తులు స్థానాలు మార్చుకొన్నవి: అడ్డంగా −2.00, నిలువున −0.50. ఆ కంటికి అసలు అద్దమే లేకుంటే రెండు దిశల మధ్య తేడా ఒకటిన్నర డయాప్టర్లు. ఈ అద్దం పెట్టుకొంటే మిగిలే తేడా మూడు డయాప్టర్లు, అనగా జబ్బుకు రెట్టింపు. “అలవాటు పడుతుంది, వారం రోజులు పెట్టుకొనండి” అనే సలహా ఇట్టి అద్దానికి పనికిరాదు. కావున సూత్రం బట్టీ పట్టడంకంటె, ఒక నిలువుగీత, ఒక అడ్డగీత గీసి వాటి కొసల శక్తులు వ్రాసుకొనుటే క్షేమమని నా అభిప్రాయం. ఆ గీతలు అబద్ధమాడవు. యాక్సిస్ ఏటవాలుగా ఉంటే గీతలనూ ఏటవాలుగా గీసుకొంటే చాలు.

రెండు వ్రాతలు ఎందుకుండాలి అని ఎవరైనా అడుగవచ్చును. 1825లో ఇంగ్లండులో జార్జి ఎయిరీ తన ఎడమ కంటి దోషానికి అద్దం చేయించుకొన్నప్పుడు దాని ఒక ముఖం స్ఫియర్‌గాను, రెండవ ముఖం సిలిండర్‌గాను చెక్కించినాడు. అట్టి అద్దానికి చీటీ అంటే తయారీ ఆదేశమే. నేటి కళ్లద్దాలలో రెండు శక్తుల వంపును సాధారణంగా వెనుకముఖం మీదనే తెస్తారు. చీటీలో ప్లస్ ఉన్నా మైనస్ ఉన్నా తయారయ్యే అద్దం ఒక్కటే. వ్రాత మాత్రం పరీక్షించేవారి అలవాటును బట్టి మిగిలిపోయినది. కంటి వైద్యులలో కొందరు ప్లస్ సిలిండర్లతో పరీక్షిస్తారు. ఆప్టోమెట్రిస్టులు ఎక్కువగా మైనస్ వాడుతారు. పరీక్షలో కన్ను తనంతట తాను బలవంతంగా దృష్టి కూడదీసుకోకుండ అదుపులో ఉంచుటకు అది అనుకూలం. కాంటాక్టు లెన్సులకు మైనస్ వ్రాతయే ఆచారం. కంప్యూటరు పరీక్ష యంత్రంలో ఏ గుర్తుతో అచ్చు కావాలో ముందే అమర్చవచ్చును. ఒకే గదిలో యంత్రం ఒక విధంగా, వైద్యుడు మరొక విధంగా వ్రాయడం కూడ కద్దు.

మన ప్రాంతంలో ఇది దూరపు ముచ్చట కాదు. 2018 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వం కంటివెలుగు కార్యక్రమాన్ని ప్రారంభించిన తరువాత, అంతకుముందు ఎన్నడూ కంటి పరీక్ష చేయించుకోనివారి చేతికి కూడ చీటీలు వచ్చినవి. దానికి తోడు శిబిరాలు, పట్నపు ఆసుపత్రులు, దుకాణాలు. ఒక్కొక్క ఇంట రెండు మూడు చీటీలుంటవి. వాటిని ప్రక్కప్రక్కన పెట్టి చూసే మనిషికి కనబడేది స్ఫియర్ గడిలోని సంఖ్య ఒక్కటే.

కన్ను నిజంగా మారినప్పుడు కూడ ఈ తికమక తప్పదు. ఆ అన్నగారికి వచ్చే ఏడాది −2.25, +1.75, 85 అని వ్రాసినారనుకొందాము. మైనస్ వ్రాతలోకి మార్చితే −0.50, −1.75, 175 అవుతుంది. మొదటి చీటీతో పోల్చితే సిలిండర్ పావు పెరిగినది, యాక్సిస్ అయిదు డిగ్రీలు జరిగినది, అంతే. మరొక మాట: 175కు 5కు మధ్య దూరం 170 కాదు, పది డిగ్రీలే, ఏలయన 180, 0 ఒకే అడ్డగీత. అయితే ఈ లెక్క రెండు చీటీలు ఒకటేనా కాదా అని మాత్రమే చెప్పుతుంది. ఆ చీటీ కంటికి తగినదేనా అనే ప్రశ్నకు పరీక్ష గదిలోనే సమాధానం దొరుకుతుంది.

కళాశాల కమిటీవారికి నా విన్నపం ఒకటే. మన ఆవరణలో కంటి శిబిరం జరిపించినప్పుడు ఇచ్చే చీటీలో మూడు గడుల క్రింద ఒక వరుస అదనంగా అచ్చు వేయించండి. అందులో ఏ డిగ్రీ వద్ద ఎంత శక్తి అనేది రెండు సంఖ్యలుగా వ్రాయించండి. అన్ని చీటీలను మైనస్‌లోకి మార్చి వ్రాయిస్తే సరిపోదా అని ఒక మిత్రుడన్నాడు. నేను ఒప్పుకోను. జనం క్రిక్కిరిసిన శిబిరంలో, తొందరలో, పరీక్షించినది ఒకరు, మార్చి వ్రాసేది మరొకరు అయినప్పుడు పైన చెప్పిన యాక్సిస్ తప్పు తప్పక దొర్లుతుంది. వైద్యులు తమకు అలవాటైన పద్ధతిలోనే పరీక్షించి, అట్లే వ్రాయాలి. మార్పు పోల్చుకొనేటప్పుడు వేరే కాగితం మీద చేసుకోవచ్చును. అసలు చీటీని దిద్దరాదు.

ఆ రోజు ముగ్గురమూ కళ్లద్దాల దుకాణానికి పోయినాము. లెన్సోమీటరులో మొదట పాత అద్దం, పిదప క్రొత్త అద్దం పెట్టించినాము. రెండింటికీ గీతలు ఒకసారి −0.50 వద్ద, మరొకసారి −2.00 వద్ద స్పష్టమైనవి. అన్నగారు దుకాణంవానికి సలాము చెప్పి, కాసేపు మాట్లాడక కూర్చున్నారు. ఎడమ కంటి లెక్క తమ్మునికి వదిలినాను. పాత చీటీలో −0.75, −1.00, 170, క్రొత్తదానిలో −1.75, +1.00, 80. అతడు పాతదానిని మార్చబోయి స్ఫియర్, సిలిండర్ సరిగానే తెచ్చి, యాక్సిస్ 260 అని వ్రాసి, తల గోక్కొన్నాడు. “భాయీజాన్, చీటీలో ఇది 180 దాటదు గదా” అని తానే అని, కొట్టివేసి 80 వేసినాడు. కాగితం మీద గీసి చూస్తే 260, 80 ఒకే గీత.