కరిగేది జెల్ మాత్రమే

పావుగంటలో కోటేరు ముక్కు. కోత లేదు, కుట్లు లేవు, నచ్చకపోతే కరిగించేయొచ్చు. శస్త్రచికిత్స లేకుండా ఫిల్లర్ సూదితో ముక్కు తీర్చిదిద్దుతామనే ప్రకటనల సారాంశం ఇదే. శస్త్రచికిత్స పెద్ద పని, సూది చిన్న పని అన్న లెక్క సహజంగానే మనసులో పడుతుంది. ప్రమాదం, మన్నిక, ఖర్చు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఆ లెక్క తేలికగా తేలదు.

ముక్కు దూలం మధ్యలో ఎముక కాస్త ఉబికి ఉన్న ఒక పాతికేళ్ల యువతిని ఊహించుకుందాం. ఫిల్లర్ ఆ ఉబ్బును తగ్గించదు. దానికి పైన, కనుబొమల దగ్గరి పల్లంలో కొంత, ముక్కు కొన దగ్గర మరికొంత హైలురోనిక్ ఆమ్లపు జెల్ ఎక్కించి గీతను సమం చేస్తారు. మొత్తం కలిపినా సాధారణంగా ఒక మిల్లీలీటరు మించదు. పక్క నుంచి చూస్తే ముక్కు తిన్నగా కనిపిస్తుంది కానీ కొలతకు కాస్త పెరుగుతుంది. ముక్కు చిన్నది కావాలన్నా, కొన సన్నబడాలన్నా, రంధ్రాల మధ్య గోడ వంకరగా ఉండి ఊపిరి ఆడకపోయినా ఫిల్లర్‌తో పని జరగదు. ఎముకను అరగదీసి, మృదులాస్థిని సవరించే రైనోప్లాస్టీ లాంటి శస్త్రచికిత్సే దారి.

అసలు చిక్కు రక్తనాళాల్లో ఉంది. ముక్కు దూలం మీద పారే సన్నని ధమనులు కంటికి రక్తం అందించే ధమనితో కలిసి ఉంటాయి. సూదిమొన పొరపాటున అలాంటి నాళంలో దిగితే, సిరంజి ఒత్తిడి రక్తపోటును మించి జెల్‌ను వెనక్కి, కంటి ధమని దాకా నెడుతుంది. ఒత్తిడి ఆగగానే రక్తప్రవాహం ఆ జెల్‌ను ముందుకు తోసి రెటీనా నాళంలో ఇరికిస్తుంది. చూపు క్షణాల్లో పోవచ్చు. ఫిల్లర్ వల్ల చూపు పోయిన కేసులపై 2019లో వెలువడిన ఒక వైద్య సమీక్షలో 48 కొత్త కేసులు నమోదైతే, సగానికి పైగా ముక్కుకు ఇచ్చిన సూదులవే. లక్షలాది సూదులతో పోలిస్తే ఇది అరుదే. అయితే ముఖంలో అత్యంత ప్రమాదకరమైన చోట్లలో ముక్కు ఒకటని ఈ లెక్క చెబుతోంది. అందుకే అనుభవమున్న వైద్యులు ఎముకను ఆనుకుని, మధ్యగీత మీదే, చుక్క చుక్కగా ఎక్కిస్తారు. అలా చేసినా ప్రమాదం పూర్తిగా తొలగిపోదు.

కంటి దాకా వెళ్లకపోయినా చర్మానికి ముప్పు ఉంటుంది. సూది వేస్తుండగా ముక్కు కొన లేదా నుదురు ఒక్కసారిగా తెల్లబడటం మొదటి గుర్తు. తర్వాత వలలాంటి ఊదా మచ్చలు వస్తాయి. చర్మాన్ని నొక్కి వదిలితే ఎరుపు వెంటనే తిరిగి రాదు. రెండు మూడు రోజులకు చీము పొక్కులు లేస్తాయి. వాటిని మొటిమలనో ఇన్ఫెక్షన్ అనో పొరబడి కాలం గడిపేవాళ్లున్నారు. తొలి గంటల్లోనే హైలురోనిడేస్ అనే ఎంజైమును పెద్ద మోతాదులో, గంట గంటకూ ఇస్తే చర్మం చాలావరకు దక్కుతుంది. రెటీనా అంత వ్యవధి ఇవ్వదు. రక్తం అందకుండా గంటా గంటన్నర దాటితే చూపు తిరిగి రావడం చాలా అరుదు. జెల్‌ను కరిగించగలరు, అది చంపేసిన కణాలను బతికించలేరు.

రైనోప్లాస్టీకీ దాని కష్టాలు దానికున్నాయి. మత్తు, రక్తస్రావం, ఇన్ఫెక్షన్, వారం రోజుల పట్టీ, ఏడాది దాకా పూర్తిగా తగ్గని వాపు ఉంటాయి. ఆకారం నచ్చకో, ఊపిరికి ఇబ్బందై​నందుకో కొందరికి మళ్లీ కత్తి తప్పదు. తేడా ఏమిటంటే అందులో ఎక్కువ సమస్యలు నెమ్మదిగా బయటపడతాయి, సవరణకు వ్యవధి దొరుకుతుంది. ఫలితం మాత్రం శాశ్వతం. అదే దాని బలం, నచ్చనివారికి అదే దాని భారం.

ఖర్చు దగ్గర కూడా సిరంజి ధర ఒక్కటే చూస్తే సరిపోదు. ఫిల్లర్‌కు ఒక విడతకు సుమారు 30 వేలు, శస్త్రచికిత్సకు లక్షన్నర అనుకుందాం. జెల్ చాలామందిలో ఏడాది, ఏడాదిన్నరలో తగ్గిపోతుంది. ఏటా ఒకసారి వేయించుకుంటే అయిదేళ్లకు రెండు ఖర్చులూ సమానం. ఆరో ఏట ఫిల్లరే ఖరీదు. పైగా ప్రతి విడతా ఆ ధమనుల మీదుగా కొత్తగా సూది దించడమే. ఇదివరకే రైనోప్లాస్టీ చేయించుకున్న ముక్కులో నాళాల దారి మారి, మచ్చకణజాలం బిగిసి ఉంటుంది కాబట్టి అక్కడ ముప్పు మరింత ఎక్కువ.

ఇంతా చెప్పి ఫిల్లర్ వద్దనడం కాదు. చిన్న పల్లం పూడ్చుకోవడానికో, శాశ్వత మార్పుకు ముందు ఆకారం ఎలా ఉంటుందో చూసుకోవడానికో అది పనికొస్తుంది. అయితే డబ్బు కట్టే ముందు మూడు విషయాలు అడగాలి. సూది పట్టేది చర్మ లేదా ప్లాస్టిక్ సర్జరీ నిపుణులేనా? ఎక్కించేది హైలురోనిక్ ఆమ్లమేనా? హైలురోనిడేస్ ఈ గదిలోనే సరిపడా ఉందా? శాశ్వత ఫిల్లర్‌ను కరిగించే మందు లేదు. ఎంజైము తెప్పిస్తామనే క్లినిక్‌లో, అది వచ్చేసరికి రెటీనాకున్న వ్యవధి అయిపోతుంది. ఈ మూడింట్లో దేనికి నేరుగా జవాబు రాకపోయినా అక్కడ సూది వేయించుకోకూడదు.