గోడ క్యాలెండరు రాహుకాలం

రాహుకాలం, యమగండం, గుళికకాలం మూడూ సూర్యుని గమనాన్ని బట్టి నిర్ణయమయ్యేవి. పగటిని ఎనిమిది సమభాగాలు చేస్తే సోమవారం రెండవ భాగం రాహుకాలం, నాలుగవది యమగండం, ఆరవది గుళికకాలం. గోడ క్యాలెండర్లు మాత్రం సూర్యుడు ఏడాది పొడవునా ఆరింటికే ఉదయించి ఆరింటికే అస్తమిస్తాడని భావించి, సోమవారం రాహుకాలాన్ని ఎప్పుడూ 7.30 నుండి 9.00 వరకు అనే ముద్రిస్తాయి.

కలికిరిలో జనవరి తొలివారంలో సూర్యోదయం ఉదయం సుమారు 6.40కి, అస్తమయం సాయంత్రం సుమారు 6.00కి. పగలు 680 నిమిషాలు, ఒక్కో భాగం 85 నిమిషాలు. ఆ లెక్కన సోమవారం రాహుకాలం 8.05కు మొదలై 9.30కి ముగుస్తుంది. తొమ్మిది దాటిందని నిశ్చింతగా దుకాణం ప్రారంభించినవాడు రాహుకాలంలోనే ప్రారంభించాడు. ఏడున్నరకే పని ఆపుకున్నవాడు అరగంటకు పైగా నిష్కారణంగా ఆగాడు.

స్థానిక సూర్యోదయాన్ని బట్టి వేళను సవరించుకోవాలని సమర్థకులు అంటారు. సవరణ న్యాయమే. కాని క్యాలెండరును నమ్మి ఇన్నాళ్లూ రాహుకాలంలోనే మొదలైన పనులు తక్కినవాటికన్నా ఎక్కువగా చెడ్డాయని వారు కూడా చెప్పరు. వేళ తప్పినా ఫలితం మారనప్పుడు ఆ నియమం పనిని కాపాడుతున్నదనడం కుదరదు. మూడింటినీ పాటిస్తే పగటిలో ఎనిమిదింట మూడు వంతులు ప్రారంభానికి పనికిరావు. పని ఇష్టం లేనివానికి ఇంతకన్నా గౌరవప్రదమైన సాకు దొరకదు.